నగరాన్ని పట్టుకున్నది ఎవరు?

లాటిన్ నేర్చుకునేవాళ్ళను తరచూ తికమకపెట్టే నిర్మాణం అబ్లేటివ్ అబ్సల్యూట్. 'ఉర్బె కప్తా' అనే జంటనే చూడండి. మొదటిది నగరం, రెండోది 'పట్టుబడిన' అనే విశేషణం. రెండూ అబ్లేటివ్ విభక్తిలోనే ఉంటాయి. ప్రధాన వాక్యంలోని కర్తతోనూ కర్మతోనూ వాటికి అన్వయం ఉండదు. సంస్కృతంలో సతిసప్తమి చదివినవారు దీన్ని వెంటనే పోల్చుకుంటారు. 'సూర్యే అస్తంగతే' అన్నచోట సప్తమి చేసే పనిని లాటిన్‌లో అబ్లేటివ్ చేస్తుంది.

'ఉర్బె కప్తా మీలితేస్ దొముమ్ రెదియేరుంత్' అనే వాక్యాన్ని ముందు ఉన్నదున్నట్టుగా తెలుగులో పెడదాం: 'నగరం పట్టుబడగా సైనికులు ఇంటికి తిరిగివెళ్ళారు.' విభక్తులు అర్థమయ్యాయని తెలియడానికి ఇది చాలు. కానీ ఇంతకీ నగరాన్ని పట్టుకున్నదెవరు? లాటిన్‌లో చాలా క్రియలకు భూతకాల విశేషణం కర్మణి రూపంలోనే ఉంటుంది. 'పట్టుకుని' అనడానికి సూటి రూపం లేదు కనుక, సైనికులే పట్టుకున్నా 'పట్టుబడగా' అనే చెప్పాలి. తెలుగుకు ఆ ఇబ్బంది లేదు. పూర్వాపరాలు చూసి, పట్టుకున్నది ఆ సైనికులేనని తేలితే క్త్వార్థకం వాడవచ్చు: 'సైనికులు నగరాన్ని పట్టుకుని ఇంటికి తిరిగివెళ్ళారు.'

అయితే క్త్వార్థకానికీ ప్రధాన క్రియకూ కర్త ఒకరే కావాలి. 'ఉర్బె కప్తా కీవేస్ ఫూగేరుంత్' అనే వాక్యంలో పారిపోయింది పౌరులు, పట్టుకున్నది శత్రువులు. ఇక్కడ 'పట్టుకుని' అని రాస్తే పౌరులే సొంత ఊరిని జయించి పారిపోయినట్టవుతుంది! 'నగరం పట్టుబడడంతో పౌరులు పారిపోయారు' అంటే కారణం కూడా స్పష్టమవుతుంది.

ఆ సంబంధం ఏమిటో లాటిన్ విడిగా చెప్పదు, ప్రధాన వాక్యాన్ని బట్టి మనమే పట్టుకోవాలి. 'తామెన్', అంటే 'అయినప్పటికీ', అనే మాట కనిపిస్తే అప్యర్థకం సరిపోతుంది: 'నగరం పట్టుబడినా సైనికులు పోరాడుతూనే ఉన్నారు.' విశేషణం వర్తమానంలో ఉంటే రెండు పనులూ ఒకేసారి జరుగుతున్నాయన్నమాట. 'కైసరె దూకెంతె' అంటే 'సీజర్ నడిపిస్తుండగా'. ఒక్కోసారి క్రియారూపమే ఉండదు, ఎందుకంటే 'ఉండు' అనే క్రియకు లాటిన్‌లో వర్తమాన విశేషణం లేదు. 'కికెరోనె కోన్సులె' అనే రెండు నామవాచకాలను 'సిసిరో కాన్సుల్‌గా ఉన్నప్పుడు' అని విప్పుకోవాలి. రోమన్లు కాన్సుళ్ళ పేర్లతోనే సంవత్సరాలను గుర్తించేవారు కాబట్టి, చరిత్ర పాఠంలో దాని అర్థం క్రీ.పూ. 63.

అబ్లేటివ్‌లో నామవాచకం, విశేషణం పక్కపక్కన కనిపించగానే ఈ నిర్మాణమే అనుకోకూడదు. ముందు 'కుమ్' లాంటి విభక్త్యర్థక పదం ఉందేమో చూడాలి. ఆ నగరమే ప్రధాన క్రియకు కర్మ అయితే రోమన్ రచయిత సాధారణంగా అబ్లేటివ్ జోలికి పోడు. 'ఉర్బెమ్ కప్తమ్ ఇంకెందేరుంత్' అని రెండు మాటలనూ ద్వితీయలో పెడతాడు. అప్పుడు విడి ఉపవాక్యం అక్కర్లేదు, 'పట్టుకున్న నగరాన్ని తగలబెట్టారు' అంటే సరిపోతుంది.