ఒళ్లు బాగుపడుతుంటే బాధెందుకు?

సిగరెట్ మానేసిన మూడో రోజున చాలామంది ఇంట్లోవాళ్ల మీద ఒంటికాలి మీద లేస్తారు. నిద్ర పట్టదు, నోరు పూస్తుంది, లేని దగ్గు మొదలవుతుంది. “తాగినన్నాళ్లూ బాగానే ఉన్నాను, మానేశాకే ఈ గోలంతా” అనుకుంటూ సాయంత్రం టీ కొట్టు దగ్గర మళ్లీ ఒకటి వెలిగిస్తారు. ఎవరి సాయమూ లేకుండా మానేసేవాళ్లలో ఎక్కువమంది తిరిగి మొదలుపెట్టేది మొదటి వారంలోనే. చిత్రమేమిటంటే, ఒళ్లు చకచకా బాగుపడేదీ ఆ వారంలోనే. లోపల జరుగుతున్న మేలు మనిషికి తెలియదు, పైకి తెలిసేదల్లా చికాకే.

ఒకాయన్ని ఊహించుకుందాం. వయసు 45. ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో గుమస్తా. పాతికేళ్ల అలవాటు, ఇప్పుడు రోజుకు పదిహేను సిగరెట్లు. ఆదివారం రాత్రి పదింటికి ఆఖరిది తాగి పడుకున్నాడు.

ఇరవై నిమిషాలు గడిచేసరికి గుండె వేగం తగ్గడం మొదలవుతుంది. సిగరెట్టులోని నికోటిన్ గుండెను పరుగెత్తిస్తుంది, రక్తనాళాలను బిగిస్తుంది. ఆ ఒత్తిడి సడలుతోందన్నమాట. అంతకంటే పెద్ద మార్పు రక్తంలో జరుగుతుంది. పొగతో పాటు కార్బన్ మోనాక్సైడ్ అనే వాయువు ఊపిరితిత్తుల్లోకి వెళుతుంది. రక్తంలో ఆక్సిజన్‌ను మోసేది హిమోగ్లోబిన్. ఈ వాయువు ఆక్సిజన్ కంటే రెండు వందల రెట్లకు పైగా గట్టిగా దాన్ని అంటుకుంటుంది. బస్సు ఆగకముందే కిటికీలోంచి కర్చీఫ్ వేసి సీటు పట్టేసినట్టు, ఆక్సిజన్ వచ్చేసరికి అక్కడ చోటుండదు. మన గుమస్తా హిమోగ్లోబిన్‌లో నూటికి ఆరు వంతులు ఇలా కబ్జా అయిందనుకుందాం. రోజూ తాగేవాళ్లలో ఇది మామూలే. ఊరికే కూర్చున్నా, పడుకున్నా ఈ వాయువు సుమారు అయిదు గంటలకు సగం చొప్పున ఊపిరి ద్వారా బయటికి పోతుంది. అంటే తెల్లవారుజామున మూడింటికి మూడు వంతులు, ఉదయం ఎనిమిదికి ఒకటిన్నర. సోమవారం రాత్రికల్లా ఆయన రక్తం ఎన్నడూ తాగనివాళ్ల రక్తంలాగే ఆక్సిజన్ మోస్తుంది.

ఇది కంటికి కనిపించేలా చూపించవచ్చు. పొగాకు మాన్పించే క్లినిక్కుల్లో చేతిలో ఇమిడే చిన్న యంత్రం ఒకటి ఉంటుంది. ఊపిరి బిగబట్టి, తర్వాత అందులోకి నెమ్మదిగా ఊదితే కార్బన్ మోనాక్సైడ్ ఎంత ఉందో అంకె చూపిస్తుంది. ముందురోజు ఇరవై దాటిన అంకె మర్నాటికి పదిలోపు దిగడం చూస్తే, ఎంత చెప్పినా నమ్మనివాళ్లు కూడా నమ్ముతారు. బీడీ తాగేవాళ్లకూ ఇదే లెక్క. ఆకు త్వరగా ఆరిపోతుంది కాబట్టి మాటిమాటికీ గట్టిగా పీల్చాలి. చిన్నగా ఉంటుంది కదా, సిగరెట్ కంటే నయమే అనుకోవడానికి లేదు.

ఇక నికోటిన్ సంగతి. ఇది ఇంకా త్వరగా, రెండు గంటలకు సగం చొప్పున రక్తంలోంచి పోతుంది. సోమవారం పొద్దున్నకి దాదాపు ఏమీ మిగలదు. అసలు చిక్కు ఇక్కడే. ఏళ్ల తరబడి నికోటిన్ తాకిడికి మెదడు దాన్ని పట్టుకునే గ్రాహకాలను మామూలు కంటే ఎక్కువగా పెంచుకుని ఉంటుంది. ఇప్పుడవన్నీ ఖాళీ. చికాకు, ఆకలి, ఏ పని మీదా మనసు నిలవకపోవడం, దిగులు ఇందువల్లే వస్తాయి. మొదటి రోజే మొదలై రెండు, మూడు రోజులకు పతాక స్థాయికి చేరతాయి. అక్కడి నుంచి తగ్గుతూ రెండు నుంచి నాలుగు వారాల్లో సద్దుమణుగుతాయి. పెరిగిన గ్రాహకాలు మామూలు స్థాయికి రావడానికి ఒకటిన్నర నుంచి మూడు నెలలు పట్టవచ్చు. సిగరెట్ మీదికి మనసు లాగినప్పుడు కలకాలం అలాగే ఉంటుందనిపిస్తుంది గానీ, ఒక్కో తడవ కొద్ది నిమిషాలే. గడియారం పెట్టుకుని చూసుకోవచ్చు.

పొద్దున్నే సిగరెట్ పడితే తప్ప బాత్‌రూమ్‌కి వెళ్లలేమనేవాళ్లు మన చుట్టూ కొల్లలు. అది వట్టి అలవాటు కాదు, నికోటిన్ నిజంగానే పేగులను కదిలిస్తుంది. అందుకే మానేసిన మొదటి వారాల్లో కొందరికి మలబద్ధకం వస్తుంది. నోటిపూత కూడా అప్పుడే. రెండూ తాత్కాలికమే. నీళ్లు, పీచు ఉన్న తిండి కాస్త ఎక్కువ తీసుకుంటే సర్దుకుంటాయి.

నిద్ర పట్టకపోవడం గురించి మాత్రం కాస్త ఆగి చెప్పుకోవాలి. ఎందుకంటే దీన్ని చాలామంది డాక్టర్లు కూడా పట్టించుకోరు. సిగరెట్ పొగలోని తారుకు చెందిన కొన్ని పదార్థాలు కాలేయంలో ఒక ఎంజైమును రెచ్చగొడతాయి. కాఫీ, టీల్లో ఉండే కెఫీన్‌ను విరగ్గొట్టేది ఆ ఎంజైమే. అందుకే పొగతాగేవాళ్ల ఒంట్లోంచి కెఫీన్ ఇతరుల కంటే చాలా త్వరగా పోతుంది. మన గుమస్తా రోజుకు ఆరు టీలు తాగి కూడా రాత్రి హాయిగా నిద్రపోయేవాడంటే కారణం ఇదే. పొగ ఆగిన కొద్ది రోజుల్లోనే ఎంజైము చల్లబడుతుంది. అవే ఆరు టీలు, కానీ రక్తంలో కెఫీన్ దాదాపు రెట్టింపవుతుంది. పైగా సిగరెట్ తాగాల్సిన వేళ ఊరికే ఉండలేక ఇంకో రెండు టీలు. గుండె దడ, చేతుల వణుకు, ఆందోళన, రాత్రంతా దొర్లడం మొదలవుతాయి. సిగరెట్ మానినందుకే ఇదంతా అనుకుంటాడు, నిజానికి సగం పాపం టీది. మానేసే రోజు నుంచే కాఫీ, టీలను సగానికి తగ్గించి, మధ్యాహ్నం తర్వాత పూర్తిగా ఆపేస్తే ఆ బాధ చాలావరకు తప్పుతుంది. ఇక్కడ ఇంకో మెలిక ఉంది. ఎంజైమును రెచ్చగొట్టేది పొగ, నికోటిన్ కాదు. కాబట్టి నికోటిన్ చూయింగ్ గమ్ నమిలేవాళ్లకూ ఈ కెఫీన్ తంటా తప్పదు. అన్నట్టు, గమ్ నోట్లో ఉండగా గానీ దానికి ముందు పావుగంటలో గానీ కాఫీ తాగితే మందు సరిగా ఒంటికి పట్టదు. గమ్ పనిచేయలేదని వదిలేసేవాళ్లలో ఇలా తాగినవాళ్లు, బబుల్‌గమ్‌లా ఆపకుండా నమిలినవాళ్లూ ఉంటారు. కాస్త నమిలి, నోరు చురుక్కుమనగానే బుగ్గన పెట్టుకోవాలి.

ఆ ఎంజైము విరగ్గొట్టేది కెఫీన్‌నొక్కదాన్నే కాదు. ఆయాసానికి వాడే థియోఫిలిన్, మానసిక వ్యాధులకు వాడే క్లోజపిన్, ఒలాంజపిన్ కూడా ఆ దారినే పోతాయి. సిగరెట్ తాగే రోజుల్లో సరిపోయిన మాత్ర మానేశాక మోతాదు మించవచ్చు. థియోఫిలిన్ ఎక్కువైతే వాంతులు, గుండె దడ వస్తాయి, మరీ మించితే ఫిట్స్ కూడా. ఈ మందులు వాడేవాళ్లు మానేసే తేదీని ముందుగానే డాక్టరుకు చెప్పాలి. అలాగని మాత్రలు సొంతంగా తగ్గించుకోకూడదు. షుగర్‌కు ఇన్సులిన్ తీసుకునేవాళ్లూ మొదటి వారాల్లో పరీక్షలు తరచుగా చేయించుకోవడం మేలు.

దగ్గు మాటకొస్తే, శ్వాసనాళాల లోపలి గోడలకు కంటికి కనపడని సన్నటి నూగు ఉంటుంది. దుమ్మునూ కళ్లెనూ పైకి తోసేది అదే. పొగ దాన్ని మొద్దుబారుస్తుంది. మానేశాక నూగు మళ్లీ కదలడం మొదలుపెడితే, పేరుకున్న కళ్లె పైకి వస్తుంది. కొందరికి ఆ వారాల్లో దగ్గు పెరుగుతుంది, అందరికీ కాదు. నెల దాటాక తగ్గుముఖం పట్టాలి. తగ్గకపోయినా, కళ్లెలో రక్తపు జీర కనపడినా, ఛాతీ నొప్పి వచ్చినా, ఒళ్లు కారణం లేకుండా చిక్కిపోతున్నా దాన్ని మానేసిన ఖాతాలో వేయకూడదు, డాక్టరుకు చూపించుకోవాలి.

బరువు పెరగడం నిజమే. దాచి లాభం లేదు. సగటున ఏడాదికి నాలుగైదు కిలోలు, అందులో ఎక్కువ భాగం మొదటి మూడు నెలల్లోనే. నికోటిన్ ఆకలిని అణచిపెడుతుంది, ఒంట్లో ఖర్చయ్యే శక్తిని కాస్త పెంచుతుంది. ఆ రెండూ ఆగిపోతాయి. దానికి తోడు ముక్కు, నాలుక తేరుకుని పప్పులో ఇంగువ వాసన కూడా మళ్లీ తెలుస్తుంది, ఇంకో ముద్ద ఎక్కువ దిగుతుంది. అందరూ పెరుగుతారనీ లేదు, తగ్గేవాళ్లూ ఉన్నారు. ఈ కిలోల భయంతో మళ్లీ సిగరెట్ పట్టడం మాత్రం తెలివితక్కువ బేరం.

ఆరు వారాలు దాటితే మానినవాళ్లలో ఆందోళన, దిగులు తాగుతూ ఉన్నవాళ్ల కంటే తక్కువగా ఉన్నట్టు అధ్యయనాలు చెబుతున్నాయి. టెన్షన్‌కి సిగరెట్ మందనుకుంటాం గానీ, అది తీర్చే టెన్షన్‌లో చాలా భాగం ముందటి సిగరెట్ తెచ్చిపెట్టిందే.

ఏడాది గడిచింది. గుండెపోటు ముప్పు సగానికి తగ్గుతుందని తరచూ వింటుంటాం. అందులో ఒక మాట జారిపోతుంది. తగ్గేది మొత్తం ముప్పు కాదు, పొగ వల్ల అదనంగా వచ్చిన ముప్పులో సగం. తాగనివాడి ముప్పు ఒకటి, తాగేవాడిది రెండు అనుకుంటే, ఏడాదికి మన గుమస్తా ఒకటిన్నర దగ్గరికి వస్తాడు. మిగతాది తరగడానికి ఏళ్లు పడుతుంది. అయినా ఒక్క ఏడాదిలో ఇంత లాభమిచ్చే మాత్ర ఏదీ మందుల షాపులో దొరకదు.

ఊపిరితిత్తుల లెక్క వేరు. వయసుతో అందరికీ వాటి సత్తా ఏటా కొద్దికొద్దిగా, సుమారు ముప్పై మిల్లీలీటర్ల చొప్పున తగ్గుతుంది. పొగ దెబ్బ తగిలిన ఊపిరితిత్తుల్లో ఇది రెట్టింపు కావచ్చు. మానేసిన మొదటి ఏడాదిలో సత్తా కాస్త పెరుగుతుంది, ఆ తర్వాత తరుగుదల మామూలు వేగానికి దిగుతుంది. మెట్లెక్కితే ఆయాసం తగ్గినట్టు తెలుస్తుంది. కానీ అప్పటికే చితికిపోయిన గాలి గదులు తిరిగి రావు. క్యాన్సర్ ముప్పు ఏడాదికి పెద్దగా మారదు. ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు, తాగుతూ ఉన్నవాళ్లతో పోలిస్తే సగానికి రావడానికి పదేళ్ల వరకు పడుతుంది.

“పూర్తిగా ఎందుకు, రోజుకొకటి చాల్లే” అనేవాళ్లకు ఒక లెక్క. రోజుకు ఇరవై తాగితే గుండెకు వచ్చే అదనపు ముప్పులో ఒక్క సిగరెట్టుతోనే సగానికి దగ్గరగా వచ్చేస్తుంది. ఇరవై నుంచి ఒకటికి దిగినవాడికి గుండె విషయంలో ఇరవైలో పంతొమ్మిది వంతుల లాభం రాదు.

ఒంటరిగా మానడం కష్టమైతే కేంద్ర ప్రభుత్వ ఉచిత ఫోన్ సాయం 1800-11-2356. కొత్తగా వెతకనక్కర్లేదు, పారేసే సిగరెట్ పెట్టె మీదే ముద్రించి ఉంటుంది.