12 ఎం.ఎం. రాడ్డులో ఎంత తక్కువైతే తక్కువ?

ఇల్లు కట్టే చోటికి ఇనుము లారీ రాగానే కొందరు వెర్నియర్ పట్టుకుని బయల్దేరతారు. 12 ఎం.ఎం. రాడ్డును దాని దవడల మధ్య ఇరికించి, 11.4 అని చూపిస్తే దుకాణదారుడి మీద విరుచుకుపడతారు. అదే రాడ్డును కాస్త తిప్పి కొలిస్తే 12.8 చూపిస్తుంది. రెండు కొలతలూ తప్పు కాదు, రెండూ పనికిరావు. టీఎంటీ రాడ్డు నున్నటి గుండ్రని కడ్డీ కాదు. దాని ఒంటినిండా పక్కటెముకల్లా గట్లు ఉంటాయి. గట్టు మీద కొలిస్తే ఎక్కువ, గట్ల నడుమ కొలిస్తే తక్కువ వస్తుంది. అందుకే భారతీయ ప్రమాణం ఐఎస్ 1786 రాడ్డు మందాన్ని నేరుగా కొలవమనదు. మీటరు పొడవు ఎంత బరువు తూగుతుందో చూడమంటుంది.

ఉక్కు సాంద్రత తెలిసినదే కాబట్టి ఆ బరువును ముందే లెక్కకట్టవచ్చు. మందాన్ని మిల్లీమీటర్లలో తీసుకుని దాన్ని దానితోనే గుణించి 162తో భాగిస్తే మీటరుకు ఎన్ని కిలోలో వస్తుంది. సైట్లలో మేస్త్రీలకూ ఇంజినీర్లకూ నోటికి వచ్చిన లెక్క ఇదే. 12ని 12తో గుణిస్తే 144, దాన్ని 162తో భాగిస్తే సుమారు 0.888 కిలోలు. అంటే మీటరు పొడవున్న 12 ఎం.ఎం. ముక్క 888 గ్రాములు ఉండాలి. 12 మీటర్ల నిండు రాడ్డు 10.656 కిలోలు.

సరిగ్గా 888 గ్రాములే ఉండే రాడ్డును ఏ మిల్లూ చేయలేదు. ఎర్రగా కాలిన ఉక్కు దిమ్మె వరుసగా రోలర్ల గాళ్ల మధ్య నుంచి వెళ్తూ సన్నబడుతుంది. టన్నుల కొద్దీ ఉక్కు రాసుకుంటూ పోయేసరికి ఆ గాడి అరిగి లోతవుతుంది. కొత్త గాడిలోంచి వచ్చిన రాడ్డు కొంచెం తేలిక, అరిగిన గాడిలోంచి వచ్చినది కొంచెం బరువు. ఈ తేడా ఎంతవరకు ఉండవచ్చో ప్రమాణం శాతాల్లో చెప్పింది. పరిశ్రమల్లో దీన్నే టాలరెన్స్ అంటారు.

మొత్తం సరుకు సగటుకు 10 ఎం.ఎం. వరకు ఉన్న రాడ్లకు అటూ ఇటూ 7 శాతం, ఆ పైన 16 ఎం.ఎం. వరకు 5 శాతం, అంతకు మించిన వాటికి 3 శాతం తేడాను ఒప్పుకుంటారు. సన్న రాడ్డుకు ఎక్కువ వెసులుబాటు ఎందుకు? మిల్లులో మందం పదోవంతు మిల్లీమీటరు తగ్గిందనుకోండి. 25 ఎం.ఎం. రాడ్డుకు అది 0.4 శాతమే. 8 ఎం.ఎం. రాడ్డుకు మాత్రం 1.25 శాతం అవుతుంది. జరిగిన తప్పు ఒకటే, శాతం మూడింతలు. బరువు లెక్కకు వచ్చేసరికి ఇది మళ్లీ రెట్టింపవుతుంది, ఎందుకంటే మందాన్ని మందంతోనే గుణిస్తున్నాం. మందంలో ఒక శాతం తగ్గితే బరువులో దాదాపు రెండు శాతం తగ్గినట్టు. బరువులో 5 శాతం అని వినగానే చాలా వదిలేశారనిపిస్తుంది గానీ, మందంలో చూస్తే అది రెండున్నర శాతమే.

ఇక హద్దులు గీద్దాం. 0.888లో 5 శాతం అంటే 0.0444. తీసేస్తే 0.8436, కలిపితే 0.9324. సరుకు సగటు బరువు మీటరుకు 844 గ్రాములకూ 932 గ్రాములకూ మధ్య ఉండాలి. ఇక్కడ చాలామంది తడబడేది శాతాన్ని దేని మీద కట్టాలన్న చోట. కాటా మీద 837 గ్రాములు వచ్చిందనుకుందాం. లోటు 51 గ్రాములు. దాన్ని ఉండాల్సిన 888తో భాగించాలి, 5.7 శాతం వస్తుంది. చేతిలో ఉన్న 837తో భాగిస్తే 6.1 వస్తుంది. కొన్నవారు ఒక లెక్క, అమ్మినవారు ఇంకో లెక్క పట్టుకుని వాదించుకునే సందర్భాల్లో సగం గొడవ ఇక్కడే ఉంటుంది. సడలింపు ఇచ్చింది ఉండాల్సిన కొలత మీద కాబట్టి భాగించాల్సిందీ దానితోనే.

ప్రమాణంలో ఇంకో హద్దు ఉంది, దాని సంగతి బయట పెద్దగా తెలియదు. ఒక్క ముక్కను విడిగా తూచినప్పుడు 12 ఎం.ఎం. రాడ్డుకు లోటు 6 శాతం వరకు ఉండవచ్చు, అంటే 835 గ్రాములు. ఎక్కువ వైపు హద్దే లేదు. ఒంటి ముక్క కాస్త బరువుగా ఉంటే కట్టడానికి నష్టమేమీ లేదు కదా! సరుకు మొత్తానికి మాత్రం పై హద్దు పెట్టారు. లేకపోతే బరువు ప్రకారం డబ్బు చెల్లించేవాడు అక్కర్లేని ఉక్కు కొనాల్సి వస్తుంది.

ఇప్పుడు ఒక లెక్క పూర్తిగా వేద్దాం. వేర్వేరు 12 ఎం.ఎం. రాడ్ల నుంచి సుమారు మీటరు పొడవున మూడు ముక్కలు కోయించామనుకోండి. అర మీటరుకు తగ్గకూడదన్నది ప్రమాణం పెట్టిన షరతు. ముక్కలకు అంటిన మట్టినీ, ఊడివచ్చే తుప్పునూ ఇనుప బ్రష్‌తో దులిపి, పొడవునూ బరువునూ రాసుకున్నాం. మొదటిది 1.002 మీటర్లు, 842 గ్రాములు. రెండోది 0.998 మీటర్లు, 834 గ్రాములు. మూడోది 1.005 మీటర్లు, 841 గ్రాములు.

బరువును పొడవుతో భాగిస్తే మొదటి ముక్క మీటరుకు 840 గ్రాములు, లోటు 5.4 శాతం. రెండోది 836 గ్రాములు, లోటు 5.9. మూడోది 837 గ్రాములు, లోటు 5.8. మూడూ 6 శాతం లోపే ఉన్నాయి కాబట్టి విడివిడిగా మూడూ గట్టెక్కాయి. ఇప్పుడు కలిపి చూద్దాం. మొత్తం బరువు 2,517 గ్రాములు, మొత్తం పొడవు 3.005 మీటర్లు, మీటరుకు 837.6 గ్రాములు. లోటు 5.7 శాతం. సగటుకు ఇచ్చిన హద్దు 5 కాబట్టి సరుకు తప్పింది.

ఒక్కొక్కటీ పాసై మొత్తం ఫెయిలవడం వింతగా అనిపించినా అందులో న్యాయముంది. నూరు రాడ్లలో ఒకటి తేలికైతే దాని పక్కది బరువై లోటు సర్దుకుంటుంది. అన్నీ ఒకే వైపు ఒరిగితే అది పొరపాటున వచ్చిన తేడా కాదు. గాడిని సన్నగా అమర్చుకుని, కింది హద్దును ఒరుసుకుంటూ నడిపారన్నమాట. ఒంటి ముక్క హద్దు అరుదుగా వచ్చే తేడాను క్షమిస్తుంది, సగటు హద్దు అలవాటును పట్టుకుంటుంది. ఒకే ముక్క కోసి తూచి 836 వచ్చింది, హద్దులోనే ఉంది అని సంతృప్తి పడితే ఈ సంగతి ఎప్పటికీ బయటపడదు.

ఈ లోటు మందంలో ఎంత? మీటరుకు 837.6 గ్రాములంటే రాడ్డు నిజంగా 11.66 ఎం.ఎం. లావున్నట్టు. కంటికి ఏమాత్రం తెలియని తేడా. ఇనుము బరువు ప్రకారం కొన్నవారికి డబ్బు నేరుగా పోదు. టన్నుకు దాదాపు 94 రాడ్లు రావాల్సిన చోట 99కి పైగా వస్తాయి, ఎక్కువ వచ్చాయని సంతోషిస్తారు కూడా. అయితే ఇంజినీరు డ్రాయింగులో స్తంభానికి 8 రాడ్లని రాశాడు, రాడ్ బెండర్ 8 రాడ్లే కడతాడు. ఆ స్తంభంలో ఉక్కు 5.7 శాతం తగ్గిపోయింది, మిగిలిన రాడ్లు సైట్లో ఓ మూల పడి ఉన్నాయి. ఇక రాడ్డుకింత అని లెక్కకట్టి కొన్నవారికి రెండు నష్టాలూ.

తూచే పనిలో జరిగే పొరపాట్లు సరుకు తప్పుల కంటే తక్కువేమీ కాదు. మూడో ముక్కను కొలవకుండా మీటరే కదా అనుకుంటే లోటు 5.8 బదులు 5.3 అని వస్తుంది. 5 మిల్లీమీటర్ల అశ్రద్ధకు అర శాతం మూల్యం. ముక్క అర మీటరే అయితే అదే అశ్రద్ధ ఒక శాతం. కట్టర్‌తో తెంపిన కొస ఏటవాలుగా, నొక్కుకుపోయి ఉంటే పొడవు ఎక్కడి నుంచి ఎక్కడికి పట్టాలో తెలియదు. కటింగ్ వీల్‌తో నిలువుగా కోయించడం మేలు. కాటా సంగతి కూడా చూసుకోవాలి. ఒక గ్రాము దాకా చూపే వంటింటి కాటా ఒక మీటరు ముక్కకు చక్కగా సరిపోతుంది. 50 గ్రాముల మెట్టుతో చూపే దుకాణం కాటా మీద ఆ ముక్కను పెట్టి తీర్పు చెప్పలేం, మనం వెతికే లోటే 44 గ్రాములు మరి. అదే కాటా మీద నిండు రాడ్డును తూస్తే 50 గ్రాములు అర శాతం కంటే తక్కువ కాబట్టి కొంత నమ్మవచ్చు.

అంకెలను కుదించడంలోనూ ఒక పద్ధతి ఉంది. భారతీయ ప్రమాణాలన్నిటి ముందుమాటలో సాధారణంగా కనిపించే నియమం ప్రకారం, చివరికి వచ్చిన విలువను హద్దు ఎన్ని స్థానాల వరకు చెప్పారో అన్ని స్థానాలకే కుదించి పోల్చాలి. హద్దు 5 శాతం అని పూర్ణాంకంలో ఉంది కాబట్టి 5.4 వస్తే అది 5 అవుతుంది, గట్టెక్కుతుంది. 5.7 వస్తే 6 అవుతుంది, తప్పుతుంది. మన సరుకు ఏ రకంగా చూసినా తప్పిందే. కుదింపు చివర్లో ఒక్కసారే చేయాలన్నది ముఖ్యం. మధ్యలో 0.8436ని 0.84 చేసేసి పోల్చేవారుంటారు. అలా చేస్తే 840 గ్రాముల సగటు, 5.4 శాతం లోటున్నా, హద్దును సరిగ్గా తాకి, కుదించకుండానే దాటినట్టు కనిపిస్తుంది. గ్రాముల్లో పోల్చుతున్నామా, శాతంలో పోల్చుతున్నామా అన్నది ముందే అనుకుని లెక్క మొదలుపెట్టడం మంచిది.

లారీ మొత్తాన్ని వేబ్రిడ్జి మీద తూచి లెక్క తేల్చవచ్చు కదా అని అడుగుతారు. 12 మీటర్ల రాడ్లు 100 ఉంటే బరువు 1,065.6 కిలోలు, 5 శాతం లోటుకు కింది హద్దు 1,012 కిలోలు. వేబ్రిడ్జి 10 కిలోల మెట్టుతో చూపిస్తే దాదాపు ఒక శాతం అక్కడే పోయింది. లారీని ఖాళీగా మళ్లీ తూస్తే ఇంకో మెట్టు. 950 అని చూపితే సందేహం లేదు, సరుకు తేలిక. 1,010 అని చూపితే ఆ అంకె మీద ఏదీ తేల్చలేం. అప్పుడు ముక్కలు కోసి తూయాల్సిందే. అక్కడా హద్దు దగ్గరే ఆడుతుంటే మరిన్ని రాడ్ల నుంచి పొడవైన ముక్కలు తీసుకోవాలి, లేదా పరీక్షా కేంద్రానికి పంపాలి. పంపేటప్పుడు సాగదీసి చూసే పరీక్ష కూడా అడగడం మంచిది. రాడ్డు మీద Fe 500 అని ఉన్న బలం ఆ పరీక్షలోనే తెలుస్తుంది, బరువు ఎంత సరిగ్గా తూగినా ఆ సంగతి కాటా చెప్పదు.