పింఛను హామీ బ్యాలెన్స్ షీట్‌లో ఎలా కనిపిస్తుంది?

ఉద్యోగి రిటైరయ్యాక అతనికి ఎంత ముట్టాలో ముందే ఒక సూత్రంతో ఖరారు చేసి, ఆ మొత్తాన్ని చెల్లించే బాధ్యతను యజమాని తలకెత్తుకునే పథకాన్ని నిర్దిష్ట ప్రయోజన పథకం అంటారు. 1995 నాటి నిబంధనల కింద ఉన్న బ్యాంకు ఉద్యోగుల పింఛను ఇలాంటిదే. 33 ఏళ్ల సర్వీసు పూర్తిచేసిన వారికి చివరి పది నెలల సగటు వేతనంలో సగం పింఛనుగా వస్తుంది. ప్రైవేటు కంపెనీల్లో ఎక్కువమందికి తెలిసిన గ్రాట్యుటీ కూడా ఈ కోవలోకే వస్తుంది. నెలజీతం ఉన్నవారికి చివరి వేతనాన్ని 26తో భాగించి, 15తో హెచ్చించి, సర్వీసు సంవత్సరాలతో గుణిస్తే గ్రాట్యుటీ ఎంతో తేలుతుంది. ఎన్‌పీఎస్ దీనికి భిన్నం. అందులో యజమాని ప్రతినెలా తన వాటా జమచేస్తే చాలు, చివరికి ఎంత చేతికొచ్చినా అతనికి పూచీ లేదు. నిర్దిష్ట ప్రయోజన పథకంలో పెట్టుబడులు దెబ్బతిన్నా, జీతాలు అనుకున్నదాని కంటే పెరిగినా, పింఛనుదారులు ఎక్కువకాలం జీవించినా అదనపు భారం యజమానిదే.

ఈ హామీ ఇరవై, ముప్పై ఏళ్ల తర్వాత తీర్చేది. కానీ దాని విలువను ఈ ఏడాది మార్చి 31 నాటికే లెక్కగట్టి పద్దుల్లో చూపాలి. ఆ లెక్క వేసే నిపుణుడు యాక్చువరీ. పెద్ద కంపెనీలు పాటించే ఇండ్ ఏఎస్ 19 అనే అకౌంటింగ్ ప్రమాణం ఆ లెక్క ఎలా వేయాలో, ఫలితాన్ని ఎక్కడ చూపాలో నిర్దేశిస్తుంది.

బాధ్యతను లెక్కగట్టే తీరు

ఒక ఉద్యోగి పదేళ్ల సర్వీసు పూర్తిచేశాడు, రిటైరవడానికి ఇంకా ఇరవై ఏళ్లు ఉంది అనుకుందాం. యాక్చువరీ ముందుగా అతని జీతం ఏటా ఎంత పెరుగుతుందో అంచనా వేసి, రిటైరయ్యే నాటి జీతాన్ని ఊహిస్తాడు. దాన్నిబట్టి వచ్చే పింఛనును అతను ఎన్నేళ్లు అందుకుంటాడో మరణాల పట్టికల సాయంతో లెక్కగడతాడు. ఈ లెక్కల ప్రకారం రిటైరయ్యే రోజున పింఛను హామీ విలువ 60 లక్షల రూపాయలు అని తేలిందనుకుందాం. మొత్తం ముప్పై ఏళ్ల సర్వీసులో పదేళ్లు గడిచాయి కాబట్టి అందులో మూడోవంతు, అంటే 20 లక్షలు, ఇప్పటికే సంపాదించినట్టు లెక్క. ఒక్కో ఏడాది సర్వీసుకు ఒక్కో భాగం చొప్పున ఇలా కూడబెట్టే పద్ధతే ప్రొజెక్టెడ్ యూనిట్ క్రెడిట్ పద్ధతి.

ఆ 20 లక్షలు చెల్లించాల్సింది ఇరవై ఏళ్ల తర్వాత కాబట్టి వాటి నేటి విలువ కట్టాలి. ఏడాదికి 7 శాతం చొప్పున వెనక్కి లెక్కిస్తే అది 5.17 లక్షలు అవుతుంది. ఉద్యోగి మధ్యలోనే మానేసే అవకాశాన్ని కూడా చేర్చి, ఉద్యోగులందరికీ ఇలా లెక్కించి కూడితే కంపెనీ మొత్తం పింఛను బాధ్యత వస్తుంది.

ఇక్కడ వాడిన 7 శాతాన్ని డిస్కౌంట్ రేటు అంటారు. దీన్ని కంపెనీ తనకు నచ్చినట్టు ఎంచుకోకూడదు. అంతర్జాతీయ ప్రమాణం నాణ్యమైన కార్పొరేట్ బాండ్ల రాబడిని తీసుకోమంటే, ఇండ్ ఏఎస్ 19 భారతదేశంలోని పథకాలకు ప్రభుత్వ బాండ్ల రాబడినే తీసుకోమంటుంది. ఆ రాబడి మార్కెట్‌తో పాటు మారుతుంది. పై ఉదాహరణలో రేటు 6 శాతానికి తగ్గితే 5.17 లక్షల బాధ్యత 6.24 లక్షలకు చేరుతుంది. ఉద్యోగికి ఇచ్చిన మాటలో ఒక్క అక్షరం మారలేదు, అయినా బాధ్యత ఐదోవంతు పెరిగింది. ఇది కాగితం మీది ఊహ కాదు. 2019 మార్చి చివర్లో 7.3 శాతానికి పైన ఉన్న పదేళ్ల కేంద్ర ప్రభుత్వ బాండ్ల రాబడి, సరిగ్గా ఏడాది తిరిగేసరికి 6.2 శాతం లోపుకు దిగింది. ఆ ఏడాది పింఛను, గ్రాట్యుటీ బాధ్యతలను మళ్లీ లెక్కగట్టిన కంపెనీలకు ఈ ఒక్క కారణంగానే భారం పెరిగింది.

ఒక ఏడాది లెక్క

యాక్చూరియల్ లాభనష్టాలు ఎక్కడ పుడతాయో చూడాలంటే ఒక ఊహాజనిత కంపెనీ ఏడాది పద్దును వరసగా గమనించాలి. ఏడాది మొదట్లో దాని పింఛను బాధ్యత 100 కోట్లు. ఆ బాధ్యత తీర్చడానికి వేరే ట్రస్టులో దాచిన నిధి విలువ 90 కోట్లు. తేడా 10 కోట్లు బ్యాలెన్స్ షీట్‌లో అప్పుల వైపు ఉంది. డిస్కౌంట్ రేటు 7 శాతం.

ఆ ఏడాది ఉద్యోగులు చేసిన పనికి కొత్తగా 8 కోట్ల పింఛను హక్కు చేరింది. దీన్ని ప్రస్తుత సర్వీసు ఖర్చు అంటారు. చెల్లించాల్సిన గడువు ఒక ఏడాది దగ్గరైంది కాబట్టి పాత 100 కోట్ల మీద 7 కోట్ల వడ్డీ కలుస్తుంది. ఏడాది చివర్లో రిటైరైనవారికి 6 కోట్లు చెల్లించారు. ఇవన్నీ కలిపితే బాధ్యత 109 కోట్లు కావాలి. కానీ ఏడాది చివర యాక్చువరీ కొత్తగా లెక్కగట్టి 115 కోట్లని తేల్చాడు. అదనంగా వచ్చిన ఈ 6 కోట్లే యాక్చూరియల్ నష్టం.

ఈ నష్టానికి రెండు మూలాలున్నాయి. డిస్కౌంట్ రేటు 7 నుంచి 6.5 శాతానికి తగ్గడం వల్ల 5 కోట్లు పెరిగాయి. ఇది అంచనాలు మారడం వల్ల వచ్చిన నష్టం. మిగతా 1 కోటి, జీతాలు అనుకున్నదానికన్నా ఎక్కువ పెరగడం వల్ల వచ్చింది. ఇది అంచనాకూ, నిజంగా జరిగినదానికీ మధ్య తేడా. వీటిని ఆర్థిక నివేదికలో విడివిడిగా చూపాలి.

నిధి వైపు కూడా ఇలాంటి పోలిక ఉంటుంది. 90 కోట్ల మీద అదే 7 శాతం చొప్పున 6.3 కోట్లు ఆదాయం వచ్చినట్టు ముందుగా లెక్కిస్తారు. పెట్టుబడులు నిజానికి ఆర్జించింది 5.3 కోట్లే. కంపెనీ ఏడాది చివర 7 కోట్లు జమచేసింది, పింఛన్ల కింద 6 కోట్లు బయటికి వెళ్లాయి. చివరికి నిధి 96.3 కోట్ల దగ్గర నిలిచింది. రాబడిలో తగ్గిన 1 కోటిని యాక్చూరియల్ నష్టంతో కలిపి 7 కోట్ల పునర్మూల్యాంకన నష్టంగా చూపుతారు.

లాభంలోకి ఏది, పక్కకు ఏది

ఖర్చు ఇక్కడ రెండు దారుల్లో చీలుతుంది. ప్రస్తుత సర్వీసు ఖర్చు 8 కోట్లు, ఏడాది మొదటి లోటు 10 కోట్ల మీద నికర వడ్డీ 70 లక్షలు, మొత్తం 8.7 కోట్లు లాభనష్టాల ఖాతాలో ఖర్చుగా పడి ఆ ఏడాది లాభాన్ని తగ్గిస్తాయి. పునర్మూల్యాంకన నష్టం 7 కోట్లు మాత్రం లాభాన్ని తాకవు. అవి ఇతర సమగ్ర ఆదాయం అనే విభాగం మీదుగా నేరుగా వాటాదారుల నిధుల్లోంచి తగ్గుతాయి. తర్వాతి ఏళ్లలో కూడా అవి లాభనష్టాల ఖాతాలోకి తిరిగి రావు. బాండ్ల రాబడి ఊగిసలాట ఏటా కంపెనీ లాభాన్ని కుదిపేయకూడదన్నదే ఈ ఏర్పాటు వెనక ఆలోచన.

అంతర్జాతీయ ప్రమాణంలో ఇంతకుముందు ఇంకో వెసులుబాటు ఉండేది. బాధ్యత లేదా నిధిలో ఏది ఎక్కువైతే దానిలో 10 శాతం మించనంత వరకు యాక్చూరియల్ లాభనష్టాలను పద్దుల్లోకి తేకుండా ఆపుకోవచ్చు, మించినదాన్ని కూడా ఏళ్ల తరబడి కొంచెం కొంచెంగా చూపవచ్చు. అందువల్ల అసలు లోటు బ్యాలెన్స్ షీట్‌లో కనిపించేది కాదు. 2011లో సవరించి 2013 నుంచి అమలుచేసిన నిబంధనలు ఈ దారిని మూసేశాయి. భారతీయ బ్యాంకులు ఇప్పటికీ పాత ఏఎస్ 15 ప్రమాణాన్నే పాటిస్తున్నాయి. అందులో యాక్చూరియల్ లాభనష్టాలు వెంటనే లాభనష్టాల ఖాతాలోనే పడతాయి. కాబట్టి బ్యాంకు లాభాన్ని ఇండ్ ఏఎస్ పాటించే కంపెనీ లాభంతో పోల్చేటప్పుడు ఈ తేడా గుర్తుంచుకోవాలి.

హామీనే మారిస్తే వచ్చే భారం యాక్చూరియల్ నష్టం కిందికి రాదు. 2018 మార్చి 29న చట్టబద్ధ గ్రాట్యుటీ గరిష్ఠ పరిమితి 10 లక్షల నుంచి 20 లక్షలకు పెరిగింది. ఆ పరిమితికే కట్టుబడిన పథకాలున్న కంపెనీలకు, ఉద్యోగులు గతంలో చేసిన సర్వీసుకు సంబంధించిన బాధ్యత కూడా ఆ రోజే పెరిగింది. ఇలాంటి పెరుగుదలను గత సర్వీసు ఖర్చు అంటారు. ఇండ్ ఏఎస్ 19 ప్రకారం అది మొత్తంగా లాభనష్టాల ఖాతాలోకే వెళ్తుంది.

చివరికి కనిపించేది

పై కంపెనీ బ్యాలెన్స్ షీట్‌లో 115 కోట్ల బాధ్యత గానీ, 96.3 కోట్ల నిధి గానీ విడిగా కనిపించవు. వాటి తేడా 18.7 కోట్లు మాత్రమే అప్పుల వైపు ఒక్క అంకెగా ఉంటుంది. మొదటి 10 కోట్లకు లాభంలోంచి పోయిన 8.7 కోట్లు, పక్కదారిన పోయిన 7 కోట్లు కలిపి, కంపెనీ జమచేసిన 7 కోట్లు తీసేస్తే ఇదే అంకె వస్తుంది. నిధి బాధ్యతను మించితే తేడా ఆస్తుల వైపు వెళ్తుంది. అయితే ఆ మిగులును కంపెనీ వెనక్కి తీసుకోగలిగినంత మేరకు, లేదా ముందుముందు జమచేయాల్సిన మొత్తాలను తగ్గించుకోగలిగినంత మేరకు మాత్రమే ఆస్తిగా చూపాలి.

రెండు పెద్ద అంచనాల మధ్య తేడా కావడమే ఈ చిన్న అంకెలోని ప్రమాదం. బాధ్యత 5 శాతం కూడా పెరగకుండానే, పైన డిస్కౌంట్ రేటు అర శాతం తగ్గినందుకే లోటులో 5 కోట్లు పెరిగాయి. అది మొదటి లోటులో సగం. అందుకే ఉద్యోగుల ప్రయోజనాలకు సంబంధించి వార్షిక నివేదికలో ఉండే నోట్ చదవకుండా ఈ అంకెను నమ్మకూడదు.

ఆ నోట్‌లో మూడు విషయాలు వెతకాలి. మొదటిది, డిస్కౌంట్ రేటూ జీతాల పెరుగుదల అంచనా. రేటు ఆనాటి ప్రభుత్వ బాండ్ల రాబడి కంటే ఎక్కువగా ఉన్నా, జీతాలు ఏటా 10 శాతం పెరిగే సంస్థ 5 శాతమే అంచనా వేసినా, బాధ్యతను తక్కువ చేసి చూపుతున్నట్టే. రెండోది, అనుభవం వల్ల వచ్చిన లాభనష్టాలు. సరైన అంచనాల్లో ఒక ఏడాది లాభం, మరో ఏడాది నష్టం వస్తుంటాయి. వరసగా నాలుగైదేళ్లు నష్టమే వస్తుంటే అంచనాలే ఆశావహంగా ఉన్నాయని అర్థం. మూడోది, రేటు కొంచెం మారితే బాధ్యత ఎంత మారుతుందో చెప్పే సున్నితత్వ పట్టిక. దాన్ని కంపెనీ లాభంతోనూ, వాటాదారుల నిధులతోనూ పోల్చి చూడాలి. ఈ మూడూ చూసిన తర్వాతే బ్యాలెన్స్ షీట్‌లోని ఆ ఒక్క అంకెకు ఎంత విలువ ఇవ్వాలో పాఠకుడు నిర్ణయించుకోవాలి.