ఉన్ని ఉడుతకు దారపు కళ్లు

నీడిల్ ఫెల్టింగ్‌లో నీళ్లు, జిగురు, కుట్టు ఏవీ ఉండవు. విడివిడిగా ఉన్న గొర్రె ఉన్నిని ఒక ప్రత్యేకమైన సూదితో పొడుస్తూ పోతే అది గట్టిపడి ఆకారం పట్టుకుంటుంది. దీనికి కారణం ఉన్ని వెంట్రుక నిర్మాణమే. ప్రతి వెంట్రుక మీద చేప పొలుసుల్లాంటి సన్నని పొలుసులు ఒకే దిక్కుకు వాలి ఉంటాయి. సూది అంచుల మీద చిన్న గంట్లు ఉంటాయి. సూది లోపలికి దిగేటప్పుడు ఆ గంట్లు కొన్ని వెంట్రుకలను తమతో లాక్కెళ్లి, బయటికి వచ్చేటప్పుడు వాటిని అక్కడే వదిలేస్తాయి. అలా లోపలికి పోయినవి ఒకదానితో ఒకటి పెనవేసుకుని మళ్లీ విడిపోవు. ఈ సూదులు నిజానికి ఫ్యాక్టరీల్లో ఫెల్టు బట్ట తయారుచేసే యంత్రాలవి. 1980ల్లో అమెరికాలో కొందరు కళాకారులు వాటిని యంత్రం నుంచి తీసి చేత్తో వాడటం మొదలుపెట్టాకే ఇది చేతిపని అయింది.

పిల్లల పుస్తకాల బొమ్మలకు ఈ పద్ధతి బాగా నప్పుతుంది. మసాచుసెట్స్‌కు చెందిన శాలీ మేవర్ ఫెల్టు బట్ట, ఎంబ్రాయిడరీలతో దృశ్యాలు కట్టి, వాటిని ఫొటో తీసి పుస్తకాలకు బొమ్మలుగా వాడతారు. ఆమె ‘పాకెట్‌ఫుల్ ఆఫ్ పోజీస్’ 2011లో బోస్టన్ గ్లోబ్-హార్న్ బుక్ పురస్కారం గెలుచుకుంది. ఆమె పనిలో పెత్తనం కుట్టుదే. బొచ్చున్న జంతువు బొమ్మలో మాత్రం ముందు ఉన్ని, తర్వాతే దారం.

అరచేతిలో పట్టేంత ఉడుత బొమ్మను చూస్తే ఈ క్రమం తెలుస్తుంది. ఉన్ని ఫెల్టు బట్ట మీద ఆకారం గీసి, కింద మందపాటి స్పాంజి పెట్టుకోవాలి. మొదట ముతక ఉన్నితో కడుపు, తొడ, బుగ్గ ఉబ్బెత్తుగా కట్టాలి. గొంగళ్లు నేసే దక్కనీ గొర్రెల ఉన్ని ఇందుకు పనికొస్తుంది. మెత్తదనం లేకపోయినా లోపలే ఉంటుంది కాబట్టి నష్టం లేదు. సూదుల్లో నంబరు పెరిగేకొద్దీ సన్నదనం పెరుగుతుంది. ఈ మొదటి పొరకు 36 నంబరు సూది చాలు.

పైపొరకు మెత్తని మెరినో ఉన్ని, 38 నంబరు సూది. ఇక్కడ ఓపిక కావాలి. నిజమైన ఉడుతకు వెంట్రుకలు ముక్కు నుంచి తోక వైపుకు వాలి ఉంటాయి. అందుకే పని తోక దగ్గర మొదలుపెట్టి తల వైపుకు రావాలి. అప్పుడు ప్రతి కొత్త పొర వెనకటి దాని మొదలును కప్పుతుంది. తల నుంచి మొదలుపెడితే పొడిచిన గుర్తులన్నీ పైకి కనబడి బొచ్చు అతికించినట్టుంటుంది. తోకకు పొట్టి పోగులను అడ్డంగా పరిచి, నడిమి గీత వెంట మాత్రమే పొడిచి, రెండు కొసలను మీదికి దువ్వి కత్తెరతో సరిచేయాలి. నలుపు, తెలుపు పోగులు ముందే కలిపి పెట్టుకుంటే అసలు తోక రంగు వస్తుంది.

వీపు మీది మూడు తెల్ల చారల దగ్గరే చాలామంది పని చెడుతుంది. సూది లోతుగా దిగితే గంట్లు అడుగున ఉన్న ఉన్నిని కదిపేస్తాయి, తెలుపు లోపలికి కుంగి బూడిద రంగు తేలుతుంది. తెల్ల ఉన్నిని వేళ్ల మధ్య సన్నగా పురిపెట్టి, 40 నంబరు సూదిని ఏటవాలుగా పట్టి, పైపైనే పొడవాలి. సూది ఏ కోణంలో దిగిందో అదే కోణంలో బయటికి రావాలి. లోపల వంచితే విరుగుతుంది, విరిగిన మొన ఉన్నిలోనే ఉండిపోతుంది. చిన్నపిల్లలకు ఈ పని ఇవ్వకపోవడానికి అదొక కారణం. పొర పట్టిందో లేదో తెలియాలంటే వేళ్లతో మెల్లగా లాగి చూడాలి. ఊడివస్తే ఇంకా పొడవాలి. చుట్టూ బట్ట ముడతలు పడుతుంటే మాత్రం ఇప్పటికే ఎక్కువైందని అర్థం.

ఇదంతా అయ్యాకే దారం ఎక్కించాలి. ముందే కుడితే ఫెల్టింగ్ సూది దారాన్ని చీల్చేస్తుంది. ఆరు పోగుల ఎంబ్రాయిడరీ దారంలో ఒక్క పోగు విడదీసి వాడితే చాలు. కంటికి నల్లదారంతో దగ్గరదగ్గరగా నింపుడు కుట్టు, దాని పైమూలన తెల్లదారంతో ఒకే ఒక్క చిన్న కుట్టు. ఆ తెల్లచుక్క లేకపోతే ఉడుత గుడ్డిదానిలా కనిపిస్తుంది. గోళ్లకు, మీసాలకు తిన్నని పొడవు కుట్లు. ఆ కుట్టును గట్టిగా లాగితే దారం ఉన్నిలో మునిగి మాయమవుతుంది. ఒళ్లంతా కుట్లతో నింపాలన్న సరదా అణచుకోవాలి. నునుపు, మెరుపు ఉన్న దారం రెండు మూడు చోట్లే ఉంటేనే ఉన్ని మెత్తదనం తెలుస్తుంది.

పుస్తకంలోకి వెళ్లే బొమ్మను స్కానర్ మీద పెట్టకూడదు. దాని అద్దం బొచ్చును నొక్కేస్తుంది, ఉబ్బెత్తు నీడలు పోతాయి. కిటికీ పక్కన, వెలుతురు ఒక వైపు నుంచి ఏటవాలుగా పడేలా ఉంచి ఫొటో తీస్తే ఒక్కో వెంట్రుక నీడతో సహా వస్తుంది. ఆ తర్వాత బొమ్మను గోడకు పెట్టాలనుకుంటే అద్దానికీ ఉన్నికీ మధ్య ఖాళీ ఉండే లోతైన ఫ్రేమ్ కట్టించి, అంచులు మూయించాలి. ఉన్నిని తినే చిమ్మటలు సందు దొరికితే లోపల గుడ్లు పెడతాయి, వాటి పురుగులు బొచ్చును కొరికేస్తాయి.