మొదటి చుక్క ఎందుకు మొండికేస్తుంది?

కాలేజీ ల్యాబులో ఆక్సాలిక్ ఆమ్లాన్ని పర్మాంగనేట్‌తో అంశమాపనం చేసిన వాళ్లందరూ ఈ వింత చూసే ఉంటారు. బ్యూరెట్ నుంచి పడిన మొదటి చుక్క ఊదారంగు శంకుకుప్పెలో అలాగే నిలిచిపోతుంది. కుప్పెను ఎంత తిప్పినా రంగు పోదు. కొత్త విద్యార్థి అయితే అప్పుడే అంత్యబిందువు వచ్చేసిందనుకుంటాడు. కాసేపు ఓపిక పడితే ఆ రంగు నెమ్మదిగా విరుగుతుంది. రెండో చుక్క అంతకంటే త్వరగా విరుగుతుంది. ఓ పది చుక్కలు పడ్డాక, ఎంత వేగంగా వదిలినా పడినది పడినట్టే మాయమవుతుంది. ద్రావణాలు అవే, కుప్పె అదే. వేగం మాత్రం మారిపోయింది.

ముందు లెక్క చూద్దాం. స్ఫటిక ఆక్సాలిక్ ఆమ్లం 0.63 గ్రాములు తూచి, నీటిలో కరిగించి 100 మిల్లీలీటర్లు చేస్తే 0.05 మోలార్ ద్రావణం వస్తుంది. దానిలో 10 మిల్లీలీటర్లు పిపెట్‌తో శంకుకుప్పెలోకి తీసుకుని, సజల సల్ఫ్యూరిక్ ఆమ్లం కలిపి, 60–70 డిగ్రీల సెల్సియస్ దాకా వేడి చేసి, బ్యూరెట్ నుంచి పర్మాంగనేట్ వదులుతారు. లోపల జరిగేది ఇది:

2MnO₄⁻ + 5C₂O₄²⁻ + 16H⁺ → 2Mn²⁺ + 10CO₂ + 8H₂O

అంటే ఐదు ఆక్సలేట్‌లకు రెండు పర్మాంగనేట్‌లు కావాలి. 9.8 మిల్లీలీటర్ల దగ్గర లేత గులాబీ రంగు వచ్చి అర నిమిషం నిలిచిందనుకుందాం. కుప్పెలో ఉన్న ఆక్సలేట్ 0.5 మిల్లీమోల్, దానికి సరిపడే పర్మాంగనేట్ 0.2 మిల్లీమోల్. 0.2ను 9.8తో భాగిస్తే పర్మాంగనేట్ బలం 0.0204 మోలార్ అని తేలుతుంది. వేరే సూచిక అక్కర్లేదు. ఆక్సలేట్ అయిపోయాక మిగిలే ఒక్క చుక్క పర్మాంగనేటే తన రంగుతో ఆ సంగతి చెబుతుంది.

సమీకరణం కాగితం మీద ఒక్క గీతలో పూర్తయినా, కుప్పెలో ఆ పని అంత సులువు కాదు. పర్మాంగనేట్‌లోని మాంగనీస్ ఐదు ఎలక్ట్రాన్లు పుచ్చుకోవాలి. ఆక్సలేట్ ఇవ్వగలిగినవి రెండే, అదీ తనలోని రెండు కార్బన్ల మధ్య బంధం తెగితేనే. ఒక్కసారి ఢీకొన్నంత మాత్రాన ఈ లావాదేవీ తీరదు, అంచెలంచెలుగా నడవాలి. నేరుగా ఎదురుపడిన పర్మాంగనేట్, ఆక్సలేట్‌లకు మొదటి అంచె దాటడమే కష్టం. గది ఉష్ణోగ్రత దగ్గర ఆ అడ్డు దాటేంత శక్తి ఉన్న అణువులు తక్కువ. వేడి చేస్తే వాటి సంఖ్య పెరుగుతుంది, చర్య కదులుతుంది. అదే పర్మాంగనేట్‌ను మోర్ లవణంతో అంశమాపనం చేసేటప్పుడు వేడి అక్కర్లేదు. ఫెర్రస్ అయాన్ ఒక్క ఎలక్ట్రాన్ వదిలితే చాలు, తెగాల్సిన బంధమేమీ లేదు, చర్య చల్లగానే చకచకా సాగుతుంది.

మరి వేడి పెంచకుండానే వేగం ఎందుకు పెరుగుతుంది? సమీకరణంలో కుడివైపున ఉన్న Mn²⁺ దీనికి కారణం. మొదటి చుక్క విరిగినప్పుడు ఈ మాంగనీస్ అయాన్లు కొన్ని పుడతాయి. తర్వాత పడిన పర్మాంగనేట్ ఆక్సలేట్ కోసం ఆగకుండా వీటితో చర్య జరుపుతుంది. ఆ చర్యలో మధ్యస్థాయి మాంగనీస్ తయారవుతుంది, ముఖ్యంగా మూడు ధనావేశాలున్న Mn³⁺. అది ఆక్సలేట్‌ను గట్టిగా పట్టుకుని సంశ్లిష్టంగా మారుతుంది. ఆ పట్టులోనే ఎలక్ట్రాన్ చేయి మారుతుంది, కార్బన్ బంధం తెగుతుంది, కార్బన్ డయాక్సైడ్ బయటికి పోతుంది, Mn²⁺ మళ్లీ మిగులుతుంది. గులాబీ రంగు పోయేముందు ద్రావణం ఒక్కోసారి గోధుమ, పసుపు ఛాయల మీదుగా వెళ్లేది ఈ మధ్యస్థాయి మాంగనీస్ వల్లనే. ప్రతి చుక్కతోనూ Mn²⁺ పెరుగుతుంది, అది పెరిగినకొద్దీ తర్వాతి చుక్క మరింత త్వరగా విరుగుతుంది. చర్యలో పుట్టిన పదార్థమే ఆ చర్యను తరిమే ఈ తీరును స్వయం ఉత్ప్రేరణ అంటారు. పాలకు వేసిన చెంచాడు తోడు ఇంకా తోడును పుట్టించుకుంటూ పోయినట్టే ఇదీ. తేడా ఒక్కటే, ఇక్కడ మొదటి చెంచా తోడు కూడా బయటినుంచి రాదు.

ఈ చర్య వేగాన్ని ఓపికగా కొలిచిన వాళ్లలో మొదటివారు ఆక్స్‌ఫర్డ్‌కు చెందిన రసాయనవేత్త అగస్టస్ వెర్నన్ హార్కోర్ట్, గణితవేత్త విలియం ఎస్సన్. చర్యను నిర్ణీత క్షణంలో పొటాషియం అయొడైడ్ వేసి ఆపి, ఎంత పర్మాంగనేట్ మిగిలిందో లెక్కగట్టారు. మాంగనీస్ లవణం ఈ చర్యలో భాగం పంచుకుంటుందని 1866లో ప్రచురించిన వారి పరిశోధన చూపింది. ఏ ల్యాబులోనైనా దీన్ని పరీక్షించవచ్చు. ఒకే రకం ఆక్సాలిక్ ఆమ్లం, సల్ఫ్యూరిక్ ఆమ్లం ఉన్న రెండు కుప్పెలు తీసుకుని, ఒకదానిలో చిటికెడు మాంగనీస్ సల్ఫేట్ వేయండి. రెండింటిలోనూ ఒక్కో చుక్క పర్మాంగనేట్ వదలండి. చిటికెడు పడిన కుప్పెలో రంగు ముందుగా పోతుంది.

Mn²⁺ పుట్టాక పని అదే చూసుకుంటుంది కదా, వేడి చివరిదాకా ఎందుకు? అంత్యబిందువు దగ్గర ఆక్సలేట్ దాదాపు అయిపోయి ఉంటుంది. ఉత్ప్రేరకం ఎంత ఉన్నా పట్టుకోవడానికి ఆక్సలేట్ దొరకనప్పుడు వేగం మళ్లీ తగ్గుతుంది. కుప్పె చల్లారిపోతే గులాబీ రంగు కాసేపు నిలిచి, పని అయిపోయిందని భ్రమపెడుతుంది. అక్కడ ఆపేస్తే బ్యూరెట్ రీడింగు తక్కువ వస్తుంది, లెక్కలో పర్మాంగనేట్ బలం ఎక్కువగా తేలుతుంది. అందుకే కుప్పె చల్లారితే మళ్లీ వేడి చేస్తారు, చివరి చుక్కలను ఒక్కొక్కటిగా వదులుతారు.

అలాగని మరిగించకూడదు. బాగా వేడెక్కితే ఆక్సాలిక్ ఆమ్లం పర్మాంగనేట్ పడకముందే కొంత విచ్ఛిన్నమవుతుంది. అప్పుడూ రీడింగు తక్కువే వస్తుంది. చలి తప్పూ వేడి తప్పూ ఒకే దిక్కుకు లాగుతాయి కాబట్టి, తప్పు ఏదో రీడింగు చూసి చెప్పలేం, థర్మామీటరు పెట్టాలి. మూడో తప్పు కంటికే కనిపిస్తుంది. ఆమ్లం చాలకపోయినా, పర్మాంగనేట్ ధారగా పోసినా గోధుమరంగు మడ్డి తేలుతుంది. అది మాంగనీస్ డయాక్సైడ్. మాంగనీస్ ఐదు ఎలక్ట్రాన్లకు బదులు మూడింటితోనే ఆగిపోయిందన్నమాట. అదే పనికి పర్మాంగనేట్ ఎక్కువ ఖర్చవుతుంది. మడ్డి కరగకుండా నిలిస్తే ఆ కుప్పెను పారబోసి మళ్లీ మొదలుపెట్టడమే మేలు. ఆమ్లం కూడా సల్ఫ్యూరిక్ ఆమ్లమే కావాలి. హైడ్రోక్లోరిక్ ఆమ్లం అయితే దానిలోని క్లోరైడ్‌నూ పర్మాంగనేట్ తినేస్తుంది. నైట్రిక్ ఆమ్లం తానే ఆక్సీకరణి.

మరింత కచ్చితత్వం కావాల్సిన చోట వేడి చేసే వేళనే మార్చారు. అమెరికా జాతీయ ప్రమాణాల బ్యూరోలో ఫౌలర్, బ్రైట్ 1935లో ఇచ్చిన పద్ధతిలో, కావలసిన పర్మాంగనేట్‌లో సింహభాగాన్ని గది ఉష్ణోగ్రత దగ్గరే త్వరగా పోసేస్తారు. రంగు పోయేదాకా ఆగుతారు. ఆ తర్వాతే 55–60 డిగ్రీలకు వేడి చేసి, మిగిలిన కాస్తనూ నెమ్మదిగా చేరుస్తారు. ఆక్సలేట్ నిండుగా ఉన్నంతసేపూ కుప్పెలో పుట్టే మాంగనీస్ చేతికే పని అప్పగించి, ఆక్సలేట్ అడుగంటిన ఆఖరి ఘట్టానికి మాత్రమే వేడిని వాడతారన్నమాట.