తొడుగు చూపిస్తే పేరు చెబుతాను

పోయిన ఆగస్టులో మా మేనల్లుడు ఫోన్‌కి ఒక ఫొటో పంపాడు. ఖమ్మం జిల్లాలో వాగు పక్కన వాడు రెండెకరాల చెలక కొన్నాడు. గట్టు మీద అప్పటికే ఒక పెద్ద వెదురు పొద ఉంది. "మామయ్యా, ఇది ముళ్ళ వెదురా, సాధనపు వెదురా? అమ్మినాయన సాధనమే అన్నాడు" అని అడిగాడు. ఫొటోలో ఆకులున్నాయి, ఆకుల వెనక ఆకాశం ఉంది. అంతే.

"ఇది వెదురు" అని జవాబు రాశాను. వాడికి కోపం వచ్చింది. కానీ ఆ ఫొటోకి అంతకు మించిన జవాబు లేదు. వెదురు ఆకులు దాదాపు అన్నీ ఒకేలా ఉంటాయి. పైగా ఒకే పొదలో నీడన పెరిగిన ఆకు వెడల్పుగా, ఎండలో పెరిగిన ఆకు సన్నగా ఉంటుంది. ఆకును చూసి వెదురుకు పేరు పెట్టడం, గడ్డిపోచను చూసి పొలం ఎవరిదో చెప్పడం ఒకటే.

మామూలు చెట్టయితే పువ్వు చూపించమంటాం. మొక్కల శాస్త్రం నడిచేదే పువ్వు మీద. వెదురుతో చిక్కేమిటంటే, మన అడవుల్లోని ముళ్ళ వెదురూ సాధనమూ ముప్ఫై, నలభై ఏళ్ళకొకసారి గుంపుగా పూసి, గింజ రాల్చి, చచ్చిపోతాయి. పువ్వు కోసం కూర్చుంటే ఒక ఉద్యోగకాలం గడిచిపోతుంది. అందుకే అడవుల శాఖలో పనిచేసిన గాంబుల్ 1896లో బ్రిటిష్ ఇండియా వెదుళ్ళ మీద పెద్ద గ్రంథం వేసినప్పుడు, పువ్వులతో పాటు గెడ తొడుగులనూ శ్రద్ధగా వర్ణించాడు. ఇప్పటికీ అడవిలో వెదురును గుర్తుపట్టేవాళ్ళు మొదట వెతికేది ఆ తొడుగునే.

తొడుగంటే కొత్తదేమీ కాదు. వానాకాలంలో వెదురు కొమ్ములు కూరకు తెచ్చి ఒలిచినప్పుడు, ఒకదాని మీద ఒకటిగా తీసి పారేసే దళసరి పొరలే అవి. కొమ్మును తెంపకుండా వదిలితే రెండు మూడు నెలల్లో పూర్తి ఎత్తు గెడగా లేస్తుంది. ఒక్కో కణుపు దగ్గర ఒక్కో తొడుగు, లేత గెడను చుట్టుకుని కాపాడుతుంది. గెడ గట్టిపడ్డాక చాలా రకాల్లో అది ఎండి, రాలి, పొద అడుగున పడుతుంది. దాని తలమీద చిన్న ఆకులాంటి కొస ఉంటుంది. ఆ కొస తొడుగును కలిసేచోట లోపలివైపు సన్నని అంచు ఉంటుంది, దాన్ని నాలుక అంటారు. కొన్ని రకాల్లో కొసకు అటూ ఇటూ చెవుల్లాంటి మడతలు కూడా ఉంటాయి. కొస, నాలుక, చెవులు, వీపు మీద నూగు: చూడవలసినవి ఇవే.

"కిందకి వెళ్ళి పొద మొదలు తీసి పంపు" అన్నాను. ఆ సాయంత్రమే రెండో ఫొటో వచ్చింది. పొద బాగా దట్టంగా ఉంది, కాని మొదట్లో ముళ్ళు లేవు. "చూశావా, సాధనమే" అన్నాడు వాడు.

ఇక్కడే చాలామంది పొరబడతారు. ముళ్ళ వెదురుకు ముళ్ళు ఒళ్ళంతా ఉండవు. కింది కణుపుల నుంచి ఆకుల్లేని కొమ్మలు తీగల్లా అడ్డంగా సాగుతాయి. వాటి కణుపుల దగ్గర రెండేసి, మూడేసి ముళ్ళు వంకర తిరిగి ఉంటాయి, నడిమి ముల్లు పొడుగు. ముల్లంటే మొండిగా ముగిసిపోయిన చిన్న కొమ్మే. ఈ కొమ్మలు ఒకదాన్నొకటి పెనవేసుకుని పొద చుట్టూ కంచె కడతాయి. మేకపిల్ల కూడా దూరలేదు. అయితే గెడలు కొట్టుకునేవాడు దూరాలి కదా! మేదర్లూ రైతులూ మొదట ఆ కంచెనే నరికి దారి చేసుకుంటారు. అలా శుభ్రం చేసిన పొద ఫొటోలో ముళ్ళు లేని వెదురులాగే కనిపిస్తుంది. కాబట్టి ముల్లు కనబడితే అది గట్టి సాక్ష్యం. కనబడకపోతే అది దేనికీ సాక్ష్యం కాదు.

నేను ఫొటోను వేళ్ళతో పెద్దది చేసి కణుపులు చూశాను. కింది కణుపుల మీద బొటనవేలు లావు కూడా లేని మోళ్ళు, కత్తితో కొట్టిన గుర్తులతో వరసగా ఉన్నాయి. అనుమానం ముళ్ళ వెదురు వైపు మొగ్గింది. కాని అనుమానమే. సాధనానికీ కింది కణుపుల్లో కొమ్మలు బిగుసుగా అడ్డంగా వస్తాయి, వాటినీ నరుకుతారు.

పొద వాలకం కొంత చెబుతుంది. సాధనం గెడలు ఒకదానికొకటి ఆనుకుని ఇరుకుగా లేస్తాయి, పైన వంగి పక్కవాటితో చిక్కుపడతాయి. ఇరవై, ముప్ఫై అడుగులు మామూలు, మంచి నేలలో యాభై దాటుతుంది. లేత గెడ మీద బూడిద చల్లినట్టు తెల్లటి పొడి ఉంటుంది. ముళ్ళ వెదురు అంతకు రెట్టింపు ఎదుగుతుంది, గెడ జానెడు అడ్డం దాకా లావెక్కుతుంది, తలలు నెమలి పింఛంలా బయటికి వంగుతాయి. సాధనం ఎండు గుట్టల మొక్క, ముళ్ళ వెదురుకు వాగుల పక్క ఇష్టం. కాని ఎవరో తెచ్చి నాటిన పొదకు ఈ చివరి సూత్రం పనికిరాదు.

ఎత్తు, లావు ఫొటోలో తెలియాలంటే పక్కన ఒక మనిషి నిలబడాలి. మావాడు పంపిన ఫొటోలో మనిషీ లేడు, గొడ్డూ లేదు. తెల్లటి పొడి కూడా నమ్మదగ్గది కాదు. వానలో తడిసిన గెడ ఫొటోలో అది మాయమైపోతుంది, ఎండ తగిలితే మామూలు గెడ కూడా తెల్లగా మెరుస్తుంది.

"గెడ కొట్టి చూడనా? సాధనమైతే లోపల బోలు ఉండదంటగా" అన్నాడు. సగం నిజం. ఎండు గుట్టల మీద పెరిగిన సాధనం నిండుగా, గట్టిగా ఉంటుంది. లాఠీలకు వాడేది అందుకే. అలాంటి గెడలో మారేడుమిల్లి బొంగు చికెన్ వండుదామంటే మసాలా పెట్టడానికి కూడా చోటుండదు. కాని అదే సాధనం తేమ నేలలో బోలుగా పెరుగుతుంది. వాగు గట్టు మీది గెడ బోలుగా ఉందంటే అది ఏ రకమైనా కావచ్చు.

చివరికి తొడుగు దగ్గరికే వచ్చాం. ఏది తేవాలో గట్టిగా చెప్పాను, ఎందుకంటే ఒకే గెడ మీద అడుగు తొడుగులు పొట్టిగా, కొసలు కురచగా ఉంటాయి, పైకి పోయేకొద్దీ పొడుగై కొసలు సన్నబడతాయి. రెండు పొదల్ని పోల్చాలంటే ఒకే ఎత్తులోవి కావాలి. "ఈ ఏడు లేచిన కొత్త గెడ చూసుకో. నీ ఛాతీ ఎత్తులో ఉన్న తొడుగు చింపకుండా తియ్యి. చదునుగా పరిచి, పక్కన స్కేలు పెట్టి, వీపు ఒక ఫొటో, లోపలివైపు ఒక ఫొటో. నూగు గుచ్చుకుంటుంది, గుడ్డ పట్టుకుని తియ్యి" అన్నాను. ఆగస్టు కావడం మా అదృష్టం. వేసవిలో అయితే అడుగున పడి ఎండిన తొడుగులే దొరికేవి, వాటి నూగు వానకీ ఎండకీ రాలిపోయి ఉంటుంది. నూగు లేకపోవడానికి కారణం రకమో, కాలమో ఫొటో చెప్పదు.

ఆదివారం రెండు ఫొటోలు వచ్చాయి. తొడుగు తోలులా దళసరిగా ఉంది, పొడవు 22 సెంటీమీటర్లు, అడుగున వెడల్పు అంతకంటే కాస్త ఎక్కువే. పసుపు నారింజ రంగు మీద లేత పచ్చ చారలు. తల గుండ్రంగా తిరిగి, అంచు ముడతలు పడింది. అంచుల వెంట బంగారు రంగు నూగు. విడిగా నిలబడే చెవులు లేవు. కొస ముక్కోణంగా, వీపువైపు నున్నగా ఉంది. రెండో ఫొటోలో అదే కొస లోపలివైపు చూస్తే ముదురు గోధుమ రంగు నూగు మఖమలు అంటించినట్టు దట్టంగా ఉంది.

అక్కడితో తేలిపోయింది. అది ముళ్ళ వెదురు. సాధనం తొడుగు సన్నగా, వెడల్పు కంటే పొడుగ్గా ఉంటుంది, వీపు మీద గోధుమ రంగు బిరుసు నూగు ఉంటుంది, కొసకు రెండువైపులా నూగు ఉంటుంది. వీపు ఫొటో ఒక్కటే వచ్చి ఉంటే నేను ఇంకా సందేహిస్తూనే ఉండేవాణ్ణి. లోపలివైపు మఖమలు, బయట నునుపు: ఈ జంటే పేరు చెప్పింది. మేం వెతికింది రెండింటి మధ్య కాబట్టి ఇది సరిపోయింది. ఈశాన్య రాష్ట్రాల్లో పదుల రకాలుంటాయి, అక్కడ ఇంత ధైర్యంగా చెప్పను.

మన ఊళ్ళల్లో తరచు ఎదురయ్యే మూడో వెదురు పార్కుల్లోనూ ఆఫీసుల ఆవరణల్లోనూ కనబడే పచ్చటి పసుపు గెడల రకం. వాటి మీద ఆకుపచ్చ చారలుంటే ఇంకా తేలిక. దీని గెడలు ఎడమెడంగా లేస్తాయి, పొద గుండా అవతలివైపు కనిపిస్తుంది, కింది కణుపులు సాధారణంగా బోసిగా ఉంటాయి. తొడుగు వీపు మీద నల్లటి నూగు ఒత్తుగా అంటుకుని ఉంటుంది, కొసకు రెండువైపులా కుచ్చు వెంట్రుకలతో స్పష్టమైన చెవులుంటాయి. చెవులు చూశాక మరి దేనితోనూ పొరబడే పని లేదు.

అమెరికాలో ఇల్లు కొన్న మనవాళ్ళు పంపే ఫొటోల సంగతి వేరే. "పక్కింటి వెదురు మా లాన్‌లో లేస్తోంది" అంటారు. అక్కడ నేను తొడుగు అడగను. కణుపు దగ్గర రెండే కొమ్మలు, ఒకటి పెద్ద ఒకటి చిన్న, కొమ్మల పైన గెడ మీద నిలువుగా గాడి: ఈ రెండూ కనిపిస్తే అది పొదగా ఉండే వెదురు కాదు. నేలలో దుంప పొడుగ్గా పాకుతూ ఎక్కడపడితే అక్కడ గెడ లేపే రకం. మన ముళ్ళ వెదురుకూ సాధనానికీ దుంపలు పొట్టివి, అందుకే కాళ్ళు ముడుచుకుని ఒకచోట కూర్చుంటాయి. కణుపు దగ్గర వాటికి చాలా కొమ్మలు వస్తాయి, నడిమిది పెద్దది, గెడ మీద గాడి ఉండదు.

మావాడు ఇప్పుడు పొద చుట్టూ పెరిగే ముళ్ళ కంచెను నరకడం మానేశాడు, పందులు రావట్లేదట. కాని పోయిన నెల మరో ఫొటో పంపాడు, నర్సరీలో కొన్న యాభై మొక్కలు, మోకాలెత్తువి. "వీటికి ముళ్ళు రావని చెప్పారు, నిజమేనా?" అని. ఆ వయసులో రెండు రకాల మొక్కలూ సన్నని గడ్డిలాగే ఉంటాయి. వాటికి తొడుగు చూడదగ్గ గెడ లేచే శ్రావణం వచ్చేదాకా అడగొద్దన్నాను.