పరీక్షకు నిలిచిన నాణెమే ఎర

ఓ అపరిచితుడు వచ్చి, పునాది తవ్వుతుంటే లంకెబిందె దొరికిందంటాడు. బయటికి తెలిస్తే పోలీసులు లాగేసుకుంటారు, సగం ధరకే ఇచ్చేస్తానంటాడు. మట్టి అంటిన రెండు నాణేలు చేతిలో పెట్టి, ‘మీ కంసాలికే చూపించుకోండి సార్’ అంటాడు. కంసాలి గీటురాయి మీద గీసి, ఆమ్లం చుక్క వేసి, మేలిమి బంగారమేనని తేలుస్తాడు. మోసపోయినవాళ్లది అత్యాశ అని కొట్టిపారేస్తుంటాం కానీ, వాళ్లు పరీక్ష చేయించకుండా డబ్బు కట్టినవాళ్లు కారు. పరీక్ష చేయించారు, ఫలితం కూడా నిజమే. కాకపోతే నమూనాను ఎంచింది అమ్మేవాడు. ఆ రెండు నాణేలు వాడికి పెట్టుబడి. నాలుగు గ్రాముల అసలు బంగారం పోయినా, కిలో ఇత్తడికి లక్షలు వస్తాయి. 19వ శతాబ్దపు అమెరికాలో బంగారు ఇటుకలు అమ్మినవాళ్లదీ ఇదే పద్ధతి: పూత పూసిన ఇటుకలో ఓ చోట అసలు ముక్క పొదిగి, నమూనా అక్కడి నుంచే తీసేవారు.

‘అయితే సంచిలోంచి నేనే ఏరుకుంటాను’ అనుకోవచ్చు. ఆ అవకాశం రాకుండానే అప్పగింత ఏర్పాటు ఉంటుంది. ఊరి బయట, చీకటి పడ్డాక రమ్మంటారు. ఏరిన నాణేన్ని చూస్తామంటూ తీసుకుని, తిరిగి ఇచ్చేటప్పుడు అసలుది పెడతారు. లేదంటే పోలీసు వేషంలో ఇద్దరు ఊడిపడతారు, అంతా తలో దిక్కు పరుగు. అసలు సంచి విప్పేది ఇంటికొచ్చాకే.

‘నిజంగానే దొరికి ఉంటే?’ అనేది ఇంకో ప్రశ్న. 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం పది రూపాయలకు మించిన నిధి దొరికితే కలెక్టరుకు తెలపాలి. సొంతదారు ఎవరూ తేలకపోతే, వేరే ఒప్పందం లేనప్పుడు, దొరికించుకున్నవాడికి ముప్పాతిక, స్థలం యజమానికి పాతిక. ప్రభుత్వమే ఉంచుకుంటే లోహం విలువతో పాటు అందులో ఐదో వంతు అదనంగా చెల్లించవచ్చు. దాచిపెడితే మాత్రం జైలుకూ వెళ్లాల్సి రావచ్చు. నిజంగా దొరికినవాడికి కలెక్టరు దగ్గరే ఎక్కువ దక్కే వీలుంటే, సగం ధరకు అపరిచితుడికి ఎందుకు అమ్ముతాడు? రహస్యం కావలసింది నిధికి కాదు, మోసానికి. ఆ రహస్యంలో కొనేవాడినీ భాగస్వామిని చేస్తేనే రేపు స్టేషన్‌కు వెళ్లడానికి జంకుతాడు. అందుకే మోసపోయినవాడిని సిగ్గుపరిచే ప్రతి మాటా ఆ ముఠాకే మేలు చేస్తుంది. ఫిర్యాదు చేసినవాడిని గౌరవంగా వినాలి.

నీళ్లతో తేల్చుకోండి

గీటురాయి పైపొరనే చూస్తుంది. లోపలి లోహంలో మోసం పట్టాలంటే నీళ్లు చాలు. గీతలున్న గ్లాసులో నీళ్లు పోసి, అమ్మేవాడు ఇచ్చినవి కాకుండా సంచి అడుగు నుంచి తీసిన వంద గ్రాముల నాణేలు వేయండి. 22 క్యారెట్ల బంగారమైతే నీటిమట్టం దాదాపు 6 మిల్లీలీటర్లు పెరుగుతుంది, ఇత్తడైతే 12 దాకా. ఒకటి రెండు నాణేలతో తేడా కంటికి ఆనదు. ఈ పరీక్షకు ఒప్పుకోని వాడి దగ్గర ఇక మాట్లాడాల్సింది లేదు.